మంచిగున్నది అన్నాక ఇంకొక్క మాట

2022 నవంబర్ 27న, ఆదివారం ప్రసారమైన ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ సిరిసిల్ల చేనేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ గురించి మాట్లాడారు. హరిప్రసాద్ జీ20 లోగోను తన చేతులతో నేసి ప్రధానికి పంపారు. అది అందుకున్న ప్రధాని ‘చాలా అందంగా ఉంది’ అని ఊరుకోలేదు. పంపినవారి పేరు, జిల్లా చెప్పారు. లోగోతో పాటు ఒక ఉత్తరం కూడా వచ్చిందని, అందులో ఫలానా సంగతి రాశారని చెప్పారు. ఆ నేత పని హరిప్రసాద్‌కు తండ్రి నుంచి వచ్చిందని కూడా చెప్పారు.

ఇలాంటి సందర్భాల్లో విన్నవాళ్ల మనసు ‘దేశ ప్రధాని మెచ్చుకున్నాడు’ అన్న దగ్గరే ఆగిపోతుంది. పదవిని కాసేపు పక్కన పెట్టి ఆ మెచ్చుకోలును చూస్తే, అందులో నేర్చుకోదగ్గ సంగతి ఒకటుంది. ఉత్తరం చదివినవాడే ఉత్తరం గురించి చెప్పగలడు. తండ్రి సంగతి తెలుసుకున్నవాడే తండ్రి పేరెత్తగలడు. ‘అద్భుతం’ అనడానికి మాత్రం పొట్లం విప్పి చూడనక్కర లేదు. మెచ్చుకోలు నిజమైనదా, నోటికొచ్చినదా అన్న తేడా వినేవాళ్లకు ఇక్కడే తెలిసిపోతుంది.

అయితే నేత తెలిసినవాళ్లు ఆ లోగో చూస్తే ఇంకొక్క మాట కూడా అనగలరు. జీ20 లోగోలో ఏడు రేకుల తామర, దాని మీద భూగోళం ఉంటాయి. అన్నీ వంపులే. మగ్గం మీద పడుగు నిలువుగా, పేక అడ్డంగా మాత్రమే వెళ్తాయి. వంపు తిరిగే పోగంటూ ఉండదు. రేకు గుండ్రంగా కనిపించాలంటే నేసేవాడు ఒక్కో వరుసకు పోగు రెండు పోగులు పక్కకు జరుపుకుంటూ పోవాలి. లెక్క తప్పితే రేకు అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. పైగా ఆ లోగో విడుదలైందే 2022 నవంబర్ 8న. నేయడం, పంపడం, అది ఢిల్లీ చేరడం, రేడియోలో ఆ మాట రావడం, అన్నీ మూడు వారాలలోపే జరిగిపోయాయి. ‘ఇన్ని వంపులు, ఇంత తక్కువ రోజుల్ల ఎట్ల వట్టినవే?’ అని పక్క ఇంటి నేతగాడు అడిగితే, అది ప్రధాని మాట కన్నా చిన్న మెచ్చుకోలేమీ కాదు.

ఈ అధ్యాయమంతా ఆ రెండో రకం మాట గురించే. పని లోపలికి చూసి అనే మాట గురించి.

లావైనవ్, రంగొచ్చినవ్

కోరుట్లకో జగిత్యాలకో దుబాయి నుంచి, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన మనిషి బస్సు దిగి ఇల్లు చేరేలోపు వినే మాటలు దాదాపు ఎవరైనా చెప్పేయగలరు. ‘లావైనవ్ రా’, ‘బక్కగైనవ్ గదనే’, ‘ఏసీల ఉండి రంగొచ్చినవ్’. పెళ్లికి వెళ్లిన ఆడవాళ్లకైతే చీర, నగలు, జడ. ఇవన్నీ ప్రేమతో అన్నవే, కాదనలేం. కానీ రెండేళ్లు ఎండలో ఇనుప కడ్డీలు వంచి వచ్చినవాడికి రంగు గురించిన మాట ఎక్కడ తగులుతుందో అన్నవాళ్లు ఆలోచించరు. అతను చేసిన పనేమిటో, అందులో అతను ఏం నేర్చుకున్నాడో అడిగేవాళ్లు ఆ వారంలో ఒక్కరైనా తగులుతారా?

రూపం మీదికి మాట పోవడానికి కారణం సులువే. రూపం కళ్లెదురుగా ఉంటుంది, దాన్ని చూడటానికి శ్రమ అక్కర లేదు. పైగా ఆ మాటలు ముందే తయారై ఉంటాయి. ఇది తెలుగువాళ్లకే ఉన్న అలవాటు కాదు. అమెరికాలో జోన్ మేన్స్, నెస్సా వుల్ఫ్‌సన్ అనే ఇద్దరు భాషా పరిశోధకులు జనం ఒకరినొకరు మెచ్చుకునే మాటలను వందల సంఖ్యలో సేకరించి 1981లో ప్రచురించారు. సగానికి పైగా మెచ్చుకోళ్లు ఒకే వాక్య నిర్మాణంలో ఉన్నాయని, విశేషణాలు కూడా అవే నాలుగైదు మళ్లీ మళ్లీ వచ్చాయని వాళ్లకు తేలింది. మన దగ్గర ‘మస్తుగున్నది’, ‘సూపర్’, ‘జబర్దస్త్’ చేస్తున్న పని అక్కడ వేరే మాటలు చేస్తున్నాయన్నమాట.

అలాగని అలాంటి మాటలకు విలువే లేదనడం కూడా తప్పే. ఎరికా బూత్‌బీ, వెనెసా బోన్స్ అనే పరిశోధకులు 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో, ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లి చిన్న మెచ్చుకోలు చెప్పమని కొందరిని పంపారు. చెప్పేవాళ్లు ఊహించినదాని కంటే విన్నవాళ్లు ఎక్కువ సంతోషించారు, ఊహించినంత ఇబ్బందేమీ పడలేదు. అంటే కొత్తవాళ్లతో చొక్కా బాగుందన్నా చెల్లుతుంది. చిక్కు వచ్చేది రోజూ చూసే మనుషుల దగ్గర. పదేళ్లుగా పక్కనే ఉన్నవాళ్లు కూడా చొక్కా దగ్గరే ఆగిపోతే, ఇంకేమీ చూడలేదనే కదా అర్థం?

1. కనిపించని పని ఎక్కడుందో వెతకండి

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. కార్ఖానాలోకి అడుగుపెట్టిన కొత్తవాళ్ల కళ్లు ముందుగా బట్ట మీదికి పోతాయి, తర్వాత సాంచా నడిపే మనిషి మీదికి పోతాయి. ఆ చప్పుడులో ఒక్కరే ఎన్నో సాంచాల మధ్య తిరుగుతూ, ఎక్కడ పోగు తెగిందో చూసుకుంటూ ఉంటారు. వాళ్లను మెచ్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ బట్ట వెనక ఎవరి కంటా పడని మనిషి ఒకరున్నారు. అతనే వైపని చేసే కార్మికుడు.

సాంచా మీద పాత భీము అయిపోయి కొత్త భీము ఎక్కించేటప్పుడు, దాని పోగులన్నీ ఒక్కొక్కటిగా జోడించాలి. అవి వేలల్లో ఉంటాయి. గంటల తరబడి వంగి కూర్చుని, వేళ్ల కొసలతో చేసే పని. ఒక పోగు పక్కదాని స్థానంలోకి పోతే బట్ట పొడవునా సన్నని గీత పడుతుంది. ముడి వదులైతే సాంచా నడిచేటప్పుడు తెగి ఆగిపోతుంది. అంటే పని చెడితేనే వైపని చేసినవాడి పేరు బయటికి వస్తుంది. బాగా చేస్తే ఏమీ జరగదు. బట్ట మామూలుగా దిగుతుంది, సాంచా నడుస్తూ ఉంటుంది, అతన్ని ఎవరూ తలచుకోరు.

ఇలాంటి మనిషికి ‘నువ్వు మస్తు పనిమంతుడివే అన్నా’ అంటే నవ్వి ఊరుకుంటాడు. అదే మాటను సాంచా నడిపే మనిషి ఇలా అంటే ఎలా ఉంటుంది?

‘అన్నా, మొన్న నువ్వు జోడించిన భీము మీద ముడి కాడ ఒక్కసారి గూడ సాంచా ఆగలే.’

ఇందులో ఒక్క విశేషణం లేదు. పొగడ్త లాగే లేదు. కానీ అది విన్నవాడు ఇంటికి వెళ్లి భార్యతో చెప్పే మాట అదే. ఎందుకంటే ఏమీ జరగకపోవడమే తన పనితనమని అతనికి తెలుసు. ఇంకొకరికి కూడా అది తెలుసునని ఇప్పుడే తెలిసింది.

మీ చుట్టూ ఉన్నవాళ్లలో ‘పని బాగా జరిగితే ఎవరికీ కనిపించని’ మనుషులెవరు? బడిలో గంట కొట్టే అటెండర్, పెళ్లిలో వంట సామాను లెక్క చూసుకునే మేనమామ, ఇంట్లో గ్యాస్ బండ అయిపోకముందే బుక్ చేసే మనిషి. మెచ్చుకోలు మొదలుపెట్టాల్సింది వాళ్ల దగ్గర నుంచే. అక్కడ ఎవరో రాసిపెట్టిన మాటలు దొరకవు కాబట్టి, సొంతంగా చూసి చెప్పక తప్పదు.

అగ్గిపెట్టెలో పట్టే చీర గురించి కూడా ఇదే చెప్పవచ్చు. సిరిసిల్ల నేతకారుడు నల్ల పరంధాములు, ఆయన కుమారుడు నల్ల విజయ్ అలాంటి చీరలు నేసి పేరు తెచ్చుకున్నారు. చూసినవాళ్లంతా అగ్గిపెట్టెనే చూసి ఆశ్చర్యపోతారు. చీర అందులో ఇమడాలంటే పోగు ఎంత సన్నగా ఉండాలి, అంత సన్నని పోగు మగ్గం మీద తెగకుండా ఎంత మెల్లగా లాగాలి అన్నది అడిగితే, మాట అగ్గిపెట్టె దాటి చేతుల దాకా వస్తుంది.

2. మెరుపును కాదు, మెరుపు వెనక ఉన్నదాన్ని చెప్పండి

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు పండించే రైతులు చాలామంది. కుప్పబోసిన కొమ్ములు చూసి ‘మస్తు రంగున్నది పటేలా’ అనడం మామూలు. కానీ రైతు మనసులో ఉన్న లెక్క వేరే. కొమ్ము పైన మెరుపు చాలావరకు పాలిష్ డ్రమ్ముది. రైతు గుండె గుబగుబలాడింది అంతకు ముందు, కొమ్ములు ఉడకబెట్టిన పూట. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. తక్కువ ఉడికితే ఎండినాక పెళుసుబారుతుంది. నురగ వచ్చి, వాసన మారి, పుల్ల గుచ్చితే సాఫీగా దిగే ఆ కాసేపట్లోనే కడాయి నుంచి తీయాలి. ఆ తర్వాత ఎండబెట్టడం. సరిగ్గా ఎండిన కొమ్ము విరిస్తే లోహం చప్పుడులా ఖణేల్‌మంటుంది.

కాబట్టి కొమ్ము ఒకటి చేతిలోకి తీసుకుని విరిచి చూసి, ‘ఉడుకు సరిగ్గ వట్టినవ్ కాకా, లోపల గూడ అంతటా ఒక్కటే రంగున్నది’ అనే అల్లుడు, కుప్పను దూరం నుంచి చూసి రంగు మెచ్చుకున్న పదిమంది కంటే ఎక్కువ చెప్పినట్టు. ఇక్కడ పొగడ్తకు ముందు ఒక పని జరిగింది: కొమ్ము విరిచి చూడటం. ముందు పరీక్ష, తర్వాత మాట. ఈ వరుస మారితే మాట తేలిపోతుంది.

పసుపు గురించి ఏమీ తెలియనివాళ్ల సంగతేమిటి? తెలిసినట్టు నటించడం పెద్ద పొరపాటు. పనిమంతుడికి అది క్షణంలో తెలిసిపోతుంది. తెలియనప్పుడు అడగడమే మెచ్చుకోలు. ‘ఉడికిందని ఎట్ల తెలుస్తది?’ అన్న ప్రశ్నలో ‘నీకు తెలిసింది నాకు తెలియదు’ అన్న ఒప్పుకోలు ఉంది. వయసులో పెద్దవాళ్ల దగ్గర ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. ఇరవై రెండేళ్లవాడు అరవై ఏళ్ల మనిషిని ‘చాలా బాగా చేశారు’ అంటే మార్కులు వేసినట్టుంటుంది. అదే మనిషిని ‘ఎట్ల చేసినవ్ పెద్దనాయినా?’ అని అడిగితే పీట వేసి మరీ చెబుతారు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అడిగినవాళ్లు జవాబు వినాలి. ప్రశ్న వేసి ఫోన్ చూసుకుంటే, అడగకపోయినా బాగుండేది అనిపిస్తుంది.

3. సన్మాన సభలో పేరు మార్చి చూడండి

ఇక అసలు గట్టి చోటుకు వద్దాం. మన దగ్గర మెచ్చుకోలుకు ఒక వ్యవస్థే ఉంది: శాలువా, పూలదండ, మెమెంటో, మైకు. పదవీ విరమణ సభలో వినిపించే మాటలు ఏ ఊరివాళ్లకైనా కంఠస్థమే. ‘మృదుస్వభావి, నిగర్వి, నిరాడంబరుడు, క్రమశిక్షణకు మారుపేరు, వారి సేవలు వెలకట్టలేనివి, వారి శేష జీవితం ఆయురారోగ్యాలతో సాగాలి.’ వేదిక మీద ఎనిమిదిమంది ఉంటే ఎనిమిదిమందీ ఇవే చెబుతారు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. అయినా కింద కూర్చున్నవాళ్లు భోజనాలెప్పుడని వెనక్కి చూస్తుంటారు. ఎందుకు?

దీనికి చిన్న పరీక్ష ఉంది. రాసుకున్న కాగితంలో సన్మానం పొందేవారి పేరు కొట్టేసి ఇంకొకరి పేరు పెట్టి చదవండి. ఏ వాక్యం అప్పటికీ చెల్లుతుందో ఆ వాక్యం తీసేయండి. పై మాటలతో ఇలా చేస్తే కాగితం మీద మిగిలేది ‘సభకు నమస్కారం’ ఒక్కటే. అది ఉంచుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జగిత్యాల దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల సారు రిటైర్ అవుతున్నారు. ఆయన దగ్గర చదివి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్న యువతిని రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె మొదట రాసుకున్నది ఇది: ‘మా సార్ ఎంతో ఓపికగా పాఠాలు చెప్పేవారు. మాకు దారి చూపిన దీపం లాంటివారు.’ పేరు మార్చి చూస్తే తెలుగు సారుకూ చెల్లింది, సైన్సు మేడమ్‌కూ చెల్లింది.

అప్పుడేం చేయాలి? కొత్త విశేషణాల కోసం వెతకడం కాదు, జరిగిన సంగతి కోసం వెతకాలి. ఆమె పాత క్లాసువాళ్లు ముగ్గురికి ఫోన్ చేసి, ‘సారు అంటే నీకు ముందుగా ఏం గుర్తొస్తది?’ అని అడుగుతుంది. ఒకరు ‘చాక్‌పీసు ముక్క చివరిదాకా వాడేటోడు’ అంటారు. ఒకరికి ఏమీ గుర్తు లేదు. మూడోవారు అంటారు: ‘పేపర్లు దిద్దితే తప్పు లెక్కను మొత్తం కొట్టేయకపోయేది యాదికున్నదా? తప్పు ఎక్కడ మొదలైందో ఆ వరుస కాడ ఎర్రపెన్నుతోని సున్న చుట్టేటోడు.’

ఆ సున్నా దగ్గర ఆమె ఆగాలి. ఆయన ఓపిక, శ్రద్ధ, న్యాయం, పిల్లల మీద ఆయనకున్న నమ్మకం, అన్నీ ఆ చిన్న సున్నాలో ఉన్నాయి. వాటి పేర్లు చెప్పనక్కర లేదు. ఇప్పుడు ఆమె మాట ఇలా తయారవుతుంది:

‘సారు మా లెక్క తప్పైతే పెద్ద ఇంటు కొట్టకపోతుండె. పై నుంచి చదువుకుంట వచ్చి, తప్పు ఏ వరుసల మొదలైందో ఆడ సున్న చుట్టేది. యాభై మంది పేపర్లు, ఒక్కో పేపర్ల పది లెక్కలు. ఆ సున్న పైన ఉన్నదంతా నాకు వచ్చిందని తెలిసేది. ఇప్పుడు బ్యాంకుల లెక్క కలవకపోతే నేను మొత్తం కొట్టేయ. తప్పు ఎక్కడ మొదలైందో ఎతుకుత. థాంక్యూ సార్.’

నిమిషం కూడా పట్టదు. దీన్ని ఇంకొకరి సభలో వాడటం కుదరదు. ముఖ్యంగా, ఆ సారుకు తన ఎర్రపెన్ను వాడకం ఒకరి చేతిలో ఇంకా నడుస్తోందని తెలుస్తుంది. ‘దీపం’ అన్న పోలికతో ఆయనకు ఏం తెలుస్తుంది?

ఇక్కడ తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. మొదటిది, సున్నా సంగతి చెప్పి ఊరుకోక ‘అంతటి ఓపిక ఆయనకే సాధ్యం, అలాంటి గురువులు నేడు అరుదు’ అని తోక తగిలించడం. విన్నవాళ్లు అప్పటికే చేరుకున్న చోటికి మళ్లీ చేయి పట్టి తీసుకుపోవడం అది. రెండోది ఇంకా ప్రమాదకరం: సంగతి దొరక్కపోతే కల్పించడం. సారు అక్కడే కూర్చుని ఉంటారు. జరగనిది జరిగిందని చెబితే మర్యాదకు తల ఊపుతారు, కానీ ఆ పూట విన్న నిజమైన మాటల మీద కూడా ఆయనకు అనుమానం వస్తుంది.

4. పొగడ్త కూలికి బదులు రాదు

ఈ విషయం వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది కానీ, ఈ ఊళ్లలో దీన్ని దాటవేయడం కుదరదు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వాడల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. తునికాకు నానబెట్టి, కొలత ప్రకారం కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. ఇచ్చిన ఆకులోంచే అన్ని బీడీలూ రావాలి. ఆకు చిరుగులదైనా, తక్కువైనా, ఆ లోటు చాలాసార్లు చుట్టినామె మీదే పడుతుంది.

అలాంటప్పుడు ఆకు తూకం తగ్గించి ఇచ్చే మనిషి ‘నీ చెయ్యి మస్తు సాఫ్ అక్కా, నీ లెక్క ఎవ్వరు చుట్టరు’ అంటే ఆమెకు ఏమనిపిస్తుంది? మాట నిజమే. ఆమె చెయ్యి నిజంగానే సాఫ్. అయినా ఆ మాట ఎందుకు వచ్చిందో ఆమెకు తెలుసు. కూలి పెంచమని అడిగిన రోజు, సెలవు అడిగిన రోజు, బాకీ అడిగిన రోజు వచ్చే పొగడ్త ఎంత నిజమైనదైనా ఎగవేతలాగే వినిపిస్తుంది. మీరు నలుగురికి పని ఇచ్చే మనిషైతే, ముందు ఇవ్వాల్సింది ఇచ్చేయండి. మెచ్చుకోలు ఇంకో రోజు చెప్పవచ్చు.

అదే మాటను ఆమె కూతురు ఇంకోలా అనవచ్చు. చిరుగుల ఆకులోంచి కూడా ముక్క వృథా కాకుండా కత్తెర తిప్పడం దగ్గరుండి చూసి, ‘అవ్వా, ఆ చిరుగును తప్పించి రెండు ముక్కలు ఎట్ల దీసినవ్? మల్లొకసారి చూపియ్’ అనడం. ఇందులో ఏ అవసరమూ దాగి లేదు. కూతురు ఆ పనిలోకి రావాలని తల్లికి ఉండదు. ‘నీకెందుకే, సదువుకో పో’ అంటుంది కూడా. కానీ చూపిస్తుంది.

పని చేయించుకునే ముందు పొగడటం, పొగిడిన వెంటనే సాయం అడగడం కూడా ఈ కోవలోవే. ‘వదినా, నీ చేతి సర్వపిండి ఎవ్వరికి రాదు’ అన్న మాట వెనకే ‘రేపు ఇరవై మందికి చేస్తవా?’ అని వస్తే, మొదటి మాట మాయమైపోతుంది. సాయం కావాలంటే సాయమే అడగాలి. సర్వపిండి అడుగు మాడకుండా, అంచులు కరకరలాడేలా ఎలా కాల్చిందో వేరే రోజు మాట్లాడుకోవచ్చు.

5. పోలిక, ‘కానీ’, దిష్టి

ఈ మూడింటి గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ‘మా చిన్నకోడలు కంటె నువ్వే నయం’ అంటే మెచ్చుకోలు ఒకరికి, దెబ్బ ఇంకొకరికి. విన్నామె కూడా రేపు తన వంతు వస్తుందని అనుకుంటుంది. ‘కూర మంచిగున్నది కాని ఉప్పు జర ఎక్కువైంది’లో ‘కాని’కి ముందున్నది ఎవరికీ వినబడదు. ఉప్పు సంగతి చెప్పాల్సిందే అయితే విడిగా చెప్పడమే మేలు.

దిష్టి సంగతి వేరు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందన్న నమ్మకం ఉన్న ఇళ్లలో, పసిపిల్లను ‘ఎంత బొద్దుగున్నదో’ అంటే తల్లి ముఖం చిన్నబోతుంది. దాన్ని మూఢనమ్మకమని వాదించే సందర్భం అది కాదు. మాటను రూపం మీది నుంచి పని మీదికి మళ్లించండి చాలు. ‘రాత్రి నిద్ర లేకున్నా టైముకు అన్ని టీకాలు ఏపించినవ్ సెల్లె’ అంటే ఆ తల్లికి దిష్టి తీయాల్సిన పని ఉండదు.

6. ఫోన్లో ఎలా?

గల్ఫ్‌లో ఉన్న భర్త ఇక్కడి భార్యతో మాట్లాడే ఫోన్‌లో ఎక్కువ భాగం డబ్బు లెక్కలు, పిల్లల చదువు, తల్లిదండ్రుల మందులు. మధ్యలో ‘నువ్వు ఇల్లు మంచిగ నడిపిస్తున్నవ్’ అని ఒక మాట పడేస్తాడు. ఆమె ‘ఊ’ అంటుంది. అతను నిజంగానే అన్నాడు. కానీ అంత దూరం నుంచి అతనికి ఇల్లు కనిపించదు కాబట్టి, ఆ మాట ఊహించి చెప్పినట్టే ఉంటుంది.

ఇక్కడ చూడటానికి బదులు గుర్తుపెట్టుకోవడం పనికొస్తుంది. పోయిన వారం ఆమె చెప్పినదాంట్లోంచి ఒక్క సంగతి పట్టుకుని ఈ వారం అడగాలి. ‘నాట్లకు కూలోళ్లు దొరుకుతలేరని శుక్రవారం అన్నవ్ గద. మరి మంగళారానికి ఎట్ల అయిపోయింది?’ అంటే చాలు. ఆమె ఎవరింటికి పోయి అడిగిందో, ఏ ఊరి నుంచి కూలీలను తెప్పించిందో, ఆటో కిరాయి ఎవరు పెట్టుకున్నారో, వానలో నారు ఎలా మోయించిందో వరసగా వస్తుంది. అప్పుడు అతను అనే ‘నేనుంటే గూడ నాలుగు రోజుల్ల కాకపోవు’ అన్న మాటకు ఆధారం ఉంటుంది. ఆ ఆధారం ఆమే ఇచ్చింది.

ఇలాంటి మాటలకు అవతలివాళ్లు తరచుగా ‘అయ్యో, గిండ్ల ఏమున్నది’ అని తోసేస్తారు. అది మన మర్యాద. అప్పుడు ‘లేదు లేదు, నువ్వు నిజంగ గొప్పదానివి’ అని బతిమాలకూడదు. బతిమాలితే మాట మళ్లీ విశేషణాల్లోకి జారిపోతుంది. ఆమె ‘ఏమున్నది’ అన్నాక కాసేపు ఊరుకుని, వచ్చే వారం అడగాల్సిన సంగతి గుర్తు పెట్టుకోవాలి: ఆటో కిరాయి ఇంకా ఎవరికైనా బాకీ ఉందా?